ఆన్‌లైన్ సంగీతం క్లాసు: రికార్డింగ్ ఇవ్వాలా, వద్దా?

ఎంవీపీ కాలనీ టీచర్: 12 మంది పిల్లలకు వారానికి రెండు రోజులు, గంట చొప్పున జూమ్‌లో కర్ణాటక సంగీతం చెబుతున్నాను. ఫీజు నెలకు 1,200. ఇద్దరు తల్లులు క్లాసు రికార్డింగ్ అడుగుతున్నారు. ఇవ్వాలా?

గాజువాక నాన్న: ఫీజు కట్టాక రికార్డింగ్ మా హక్కే కదండీ. నాది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, క్లాసు టైమ్‌కు ఇంట్లో ఉండను. రాత్రి పాపను కూర్చోబెట్టి పాడించాలంటే దేన్ని చూసి పాడించాలి?

సీతమ్మధార వంటిల్లు: నేను 30 మందికి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు నేర్పుతాను. రికార్డింగ్ వారం రోజులు ఉంచుతాను. పోపు ఎంత వేగిందో మళ్లీ చూసుకోవాలి కదా. ఇచ్చేయండి, ఏమీ కాదు.

లాసన్స్ బే పాత టీచర్: అమ్మా, మీ వీడియోలో కనిపించేవి మీ చేతులు, మీ పొయ్యి. ఇక్కడ 12 మంది పిల్లల ముఖాలు, వాళ్ల ఇళ్లు. ఒక్క తల్లి వద్దన్నా పంపకూడదు.

నేనూ ఒకసారి అందరినీ అడిగే పంపాను. మాయామాళవగౌళలో సరళీ వరుసలు. ఒక బాబు రిషభం కాస్త పైకి పట్టాడు, అక్కడే సరిచేశాను. ఇంకో పాప ఇంట్లో ఆ బాబు పాడిన ముక్కతోనే గొంతు కలిపి సాధన చేసింది. వారం తిరిగేసరికి ఆమె రిషభమూ పైకెక్కింది. అప్పటినుంచి పాఠం ఆడియో మాత్రమే ఇస్తున్నాను. శ్రుతి పెట్టి ఒక వరుస పాడి, పిల్ల తిరిగి పాడేంత ఖాళీ వదులుతాను. రెండు కాలాల్లో కలిపి ఐదు నిమిషాలు. గాజువాక అన్నయ్యగారూ, రాత్రి మీకు పనికొచ్చేది అదే.

మధురవాడ: జూమ్‌లో రికార్డింగ్ పర్మిషన్ తీసేస్తే గొడవే లేదుగా?

లాసన్స్ బే పాత టీచర్: జూమ్‌లో ఆగుతుంది. పక్కన ఇంకో ఫోన్ పెట్టి తీస్తే ఎవరాపుతారు? అందుకే చేరేటప్పుడే వాట్సాప్‌లో రాయించుకోండి: క్లాసు రికార్డు చేయము, ఆడియో బయటివాళ్లకు పంపము అని.

అసలు 12 మందే ఎక్కువ. ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఆలస్యంతో చేరుతుంది కాబట్టి కలిపి పాడించలేం. అందరినీ మ్యూట్‌లో పెట్టి ఒక్కొక్కరినే వినాలి. పాత పాఠానికి, కొత్త పాఠానికి 20 నిమిషాలు పోతే మిగిలిన 40లో మనిషికి మూడు నిమిషాల చిల్లరే వస్తుంది. ఆరుగురైతే ఆరు దాటుతాయి. Original sound for musicians కూడా ఆన్ చేసుకోండి, లేకపోతే తంబురా నాదాన్ని జూమ్ రొద అనుకుని తొక్కేస్తుంది.

గాజువాక నాన్న: ఆడియో సరే. ఆరుగురంటే ఫీజు రెట్టింపు చేస్తారా?

ఎంవీపీ కాలనీ టీచర్: ఇప్పుడు నెలకు 14,400 వస్తోంది. రెండు బ్యాచ్‌లు చేసి 1,800 తీసుకుంటే 21,600 వస్తుంది, కానీ నా గంటలు రెట్టింపు. అంటే గంటకు వచ్చేది తగ్గుతుంది. అయినా 1,800 అంటే నలుగురైనా మానేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఆడియో మాత్రం ఈ వారమే మొదలుపెడతాను.