‘గీతల దిక్కునే మెరుపు సాగుతుంది’ – ఈ వాక్యం సరైనదేనా?

వెలుగునీడ: బ్లెండర్ అనే 3D బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో స్టీలు గ్లాసు తయారుచేయడం మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. సన్నటి గీతలు పడేలా రుద్దిన బ్రష్డ్ మెటల్ గురించి చెబుతూ పై వాక్యం రాశాను, చదివిన ఒకాయన అది తప్పన్నారు. ఇంకోటి, టాంజెంట్‌ని స్పర్శరేఖ అంటే పిల్లలు లెక్కల పాఠం అనుకుంటారేమో. పైగా నా గ్లాసుకి వెనకవైపు పైనుంచి కిందికి సన్నటి గీతలా అతుకు కనబడుతోంది, దాన్నేమనాలో కూడా చెప్పండి.

పదకోశం: స్పర్శరేఖే సరి, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కదా. దిక్కుని బట్టి మెరుపు మారే అనైసోట్రోపిక్ గుణానికి అసమదైశికం. వాక్యంలో నాకు తప్పేమీ కనబడలేదు, గీత ఎటుంటే మెరుపూ అటే.

కొలిమి: తప్పేనండీ. కొత్త స్టీలు మూత తీసుకుని బల్బు కింద పట్టుకోండి. దాని మీద గీతలు గుండ్రంగా ఉంటాయి, మెరుపు మాత్రం నడిమధ్య నుంచి అంచుకి, విసనకర్రలు రెండు ఎదురెదురుగా పెట్టినట్టు పరుచుకుంటుంది. గీతకి అడ్డంగా సాగుతుందన్నమాట. అలాగే గ్లాసు ఒంటి మీద గీతలు చుట్టూ తిరుగుతాయి కాబట్టి మెరుపు నిలువు పట్టీలా పడుతుంది. ‘గీతలకు అడ్డంగా మెరుపు సాగుతుంది’ అని రాయండి.

టాంజెంట్‌కి స్పర్శరేఖ అన్నా పర్వాలేదు గానీ అసలు గొడవ ‘దిక్కు’ అన్న మాటతో. కొన్నిచోట్ల దిక్కు అంటే గీతలు పోయే దిక్కు, glTF అనే 3D ఫైళ్ల పద్ధతిలో అయితే మెరుపు సాగే దిక్కు. రెండింటికీ 90 డిగ్రీల తేడా. పాఠంలో ఏ దిక్కో చెప్పకపోతే చదివినవాళ్ల మూత మీద విసనకర్ర బదులు వంకర తిరిగిన మచ్చ పడుతుంది. అలా పడితే Anisotropic Rotation కి 0.25 కలిపి చూడమనండి.

మా_ఊరి_స్టీలు: అతుకు కనబడుతోందంటే వెల్డింగ్ సరిగా రుద్దలేదని అర్థం. మా షాపులో బఫింగ్ చక్రం మీద ఇంకోసారి పెడితే పోతుంది. గ్లాసు ఎక్కడ కొన్నారు?

వెలుగునీడ: 😀 ఇది కంప్యూటర్లో గ్లాసు అన్నా. కొలిమి గారూ, వాక్యం మార్చేశాను. గీతల కోణాన్ని బూడిదరంగు మ్యాప్‌లో పెట్టాను, 0 నుంచి 1 అంటే 0 నుంచి 180 డిగ్రీలు. కొంచెం ఏటవాలు గీతలు కావాలని చేతితో గీశాను.

కొలిమి: ఆ మ్యాప్ Image Texture లో Linear ని Closest చేసి చూడండి. సన్నగీత మాయమైతే తప్పు మ్యాప్‌లోనే ఉంది, మాయం కాకుండా మెరుపు తెగినట్టే కనబడితే గ్లాసు ఒంటిని విప్పి బల్లపరుపుగా పరిచే UV లో.

వెలుగునీడ: మాయమైంది! కానీ గళ్లు గళ్లుగా కనబడుతోంది.

కొలిమి: అయితే ఇదీ సంగతి. అతుక్కి ఒకపక్క 176 డిగ్రీలు, ఇంకోపక్క 4 అనుకోండి. గీతకి బాణంలా ముందు వెనక లేదు కాబట్టి వాటి మధ్య నిజమైన తేడా 8 డిగ్రీలే. సాఫ్ట్‌వేర్‌కి అది తెలియదు, రెండు పిక్సెళ్ల సగటు తీసి 90 అంటుంది, అంటే అక్కడ గీత పూర్తిగా అడ్డం తిరిగింది. బ్లర్ చేస్తే ఆ పట్టీ ఇంకా లావవుతుంది తప్ప పోదు. కోణాన్ని రెట్టింపు చేసి, దాని కొసైన్‌కి, సైన్‌కి ఒకటి కలిపి సగం చేసి, మొదటిది ఎరుపులో, రెండోది ఆకుపచ్చలో దాచండి. 352, 8 డిగ్రీల బాణాల సగటు 0 దగ్గరే పడుతుంది. షేడర్‌లో వెనక్కి తీసేది ఇలా:

```
theta = 0.5 * atan2(2*G - 1, 2*R - 1)
rotation = theta / (2*pi)
```

మ్యాప్ Color Space ని Non-Color చేయడం మరిచిపోవద్దు. నేరుగా Rotation కి ఇచ్చే మ్యాప్‌లో 90 డిగ్రీలంటే 0.25, అది sRGB గా చదివితే 0.05 అవుతుంది, అంటే 18 డిగ్రీలు. అతుకు పోయినా గీతలన్నీ తప్పు కోణంలో ఉంటాయి.

పదకోశం: అంత కష్టమెందుకు, Tangent నోడ్‌లో Radial, Z పెడితే UV తో పనే ఉండదు కదా?

కొలిమి: చుట్టూ తిరిగే గీతలకి మీరన్నది నిజమే, ఒళ్లు దాటి అడుగు మీదికి వెళ్లినా అతుకు రాదు. ఏటవాలు గీతలకి కూడా ఆధారంగా అదే పెట్టుకుని పై కోణం దానికి కలిపితే మంచిది. UV నుంచి తీసే టాంజెంట్ అయితే ఒళ్లు, అడుగు వేరు ముక్కలై ఒకటి తిరిగి ఉంటే సరిగ్గా అంచు దగ్గర మెరుపు తెగుతుంది. UV సగం అద్దంలో బొమ్మలా తిప్పి వాడితే ఏటవాలు గీతలు అటొకటి ఇటొకటి వాలి కలిసేచోట V లా కనబడతాయి. అడుగు నడిమధ్య చుక్క దగ్గర మాత్రం ఏ పద్ధతిలోనూ దిక్కు ఉండదు, అక్కడ Anisotropic ని మాస్క్‌తో మెల్లగా సున్నా చేయండి.

జగ్గు_పిడి: నాది గ్లాసు కాదు, జగ్గు. పిడి ఒంటికి అతికే చోట Radial పెడితే పిడి మీద గీతలు ఎటో పోతున్నాయి.

కొలిమి: పిడిని వేరే మెటీరియల్ చేసి, UV పట్టీని పొడుగునా నిటారుగా పరిచి Tangent నోడ్‌ని UV Map కి మార్చండి. రెండూ కలిసే చోట నిజం జగ్గులో కూడా గీతలు తెగుతాయి, అక్కడ ఆ తేడా ఉంచేయొచ్చు.

మా_ఊరి_స్టీలు: అవును, అక్కడ చక్రం పట్టదు, చేత్తో రుద్దుతాం.

పదకోశం: సరే. కంప్యూటర్లో వచ్చేదాన్ని అతుకు అంటే ఇక్కడే ఒకాయన వెల్డింగ్ అనుకున్నారు. ‘UV కోత’ అందామా?

వెలుగునీడ: కోత బాగుంది గానీ నా గ్లాసులో గీత కోత వల్ల రాలేదు కదా, కోణాల సగటు వల్ల వచ్చింది. దానికి వేరే మాట కావాలి.