Z పారామీటర్లతో గెయిన్ 0.444 వస్తోంది, నేరుగా లెక్కిస్తే 0.5. తేడా ఎక్కడ?

మెష్‌లూప్
మూడు రెసిస్టర్ల π నెట్‌వర్క్. ఇన్‌పుట్ పోర్ట్‌కి అడ్డంగా 300 Ω, మధ్యలో సిరీస్‌గా 300 Ω, అవుట్‌పుట్ పోర్ట్‌కి అడ్డంగా 600 Ω. దీనికి Z11 = 225, Z22 = 300, Z12 = Z21 = 150 (అన్నీ ఓమ్‌లలో) వచ్చాయి. ఇక్కడిదాకా అనుమానం లేదు.

అవుట్‌పుట్‌కి 600 Ω లోడ్ పెట్టాను. లోడ్ లేనప్పుడు గెయిన్ Z21/Z11, అంటే 0.667. అవుట్‌పుట్ రెసిస్టెన్స్ Z22 కాబట్టి లోడ్ వల్ల 600/900 వంతే మిగులుతుంది. రెండూ గుణిస్తే 0.444. కానీ సర్క్యూట్‌ని నేరుగా చూస్తే 600 కి 600 ప్యారలల్, అంటే 300. దాని ముందు 300 సిరీస్. సగానికి సగం, 0.5. నేరుగా తీసింది తప్పయ్యే అవకాశం కనిపించడం లేదు. మరి Z దారిలో ఏ మెట్టు జారింది?

వోల్ట్‌బాబాయ్
అసలు రెసిస్టర్లకి గెయిన్ ఏంటండీ? గెయిన్ కావాలంటే ట్రాన్సిస్టర్ ఉండాలి, h పారామీటర్లు వాడాలి. ప్రశ్నే తప్పు.

ఫేజర్
బాబాయ్ గారూ, V2/V1 ఎంతైనా గెయినే, ఒకటికన్నా తక్కువైనా సరే. 0.5 అంటే −6 dB. ఆయన ఆంప్లిఫయర్ గురించి అడగడం లేదు.

గుణకారం
నా లెక్క ప్రకారం 0.444 కరెక్టు. Z22 అంటేనే అవుట్‌పుట్ వైపు నుంచి చూసినప్పుడు కనిపించే రెసిస్టెన్స్. థెవెనిన్ వోల్టేజ్‌కి దాన్ని సిరీస్‌లో పెట్టి లోడ్ తగిలిస్తే 600/900 తప్ప ఇంకేం వస్తుంది?

ఓపెన్‌పోర్ట్
గుణకారం గారు చెప్పింది సగం నిజం. Z22 అవుట్‌పుట్ వైపు నుంచి కనిపించేదే, కానీ *ఇన్‌పుట్ పోర్ట్ ఓపెన్‌గా ఉన్నప్పుడు*. ఇక్కడ ఇన్‌పుట్ ఓపెన్‌గా లేదు. V1 ని స్థిరంగా పట్టుకుని ఉన్న వోల్టేజ్ సోర్స్ ఉంది. థెవెనిన్ రెసిస్టెన్స్ కోసం దాన్ని సున్నా చేస్తే అది షార్ట్ అవుతుంది, ఓపెన్ కాదు.

షార్ట్ చేసి చూడండి. ఇన్‌పుట్‌లోని 300 Ω లెక్కలోంచి పోతుంది. మధ్యలోని 300, అవుట్‌పుట్‌లోని 600 ప్యారలల్‌లో పడి 200 Ω అవుతాయి. Z లలో రాస్తే:

```
Rout = Z22 - Z12*Z21/Z11 = 300 - 22500/225 = 200
V2/V1 = (150/225) * 600/(600+200) = 0.5
```

Z21/Z11 కి వోల్టేజ్ సోర్స్ అనుకుని, Z22 కి కరెంట్ సోర్స్ అనుకుని రెంటినీ ఒకే గుణకారంలో కలిపారు. అదే 0.444.

ఇన్‌పుట్‌లో నిజంగానే కరెంట్ సోర్స్ ఉంటే మీ 600/900 సరిపోతుంది. అప్పుడు V2/I1 = 150 × 600/900 = 100 Ω. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ Z11 − Z12·Z21/(Z22 + RL) = 225 − 25 = 200 Ω. 100 ని 200 తో భాగిస్తే మళ్లీ 0.5.

ఈ దారులేవీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రెండు Z సమీకరణాలు రాసి, లోడ్ షరతు V2 = −I2·RL పెట్టి సాధించండి:

```
V2/V1 = Z21*RL / (Z11*RL + Z11*Z22 - Z12*Z21)
      = 90000 / (135000 + 45000) = 0.5
```

సోల్డర్‌పొగ
ఇదే నెట్‌వర్క్ బ్రెడ్‌బోర్డు మీద ఉంది నా దగ్గర. ఇన్‌పుట్‌కి 2 V ఇస్తే 10 mA లాగింది, అవుట్‌పుట్‌లో 1 V. అంటే Z11 = 200, Z21 = 100. తర్వాత లోడ్ తీసేసి, ఆ స్థానంలో సోర్స్ పెట్టి 3 V ఇస్తే 10 mA, ఇన్‌పుట్ వైపు 1.5 V. అంటే Z12 = 150. రెండూ సమానం కావాలి కదా? రెసిస్టర్ల టాలరెన్స్ అనుకుంటున్నా, 5 శాతం రకం వాడాను.

ఓపెన్‌పోర్ట్
టాలరెన్స్ కాదు. రెసిస్టర్ల విలువలు ఎంత అటూఇటూ అయినా, ఉన్నవన్నీ రెసిస్టర్లే అయితే Z12 = Z21 తప్పదు. ఆ రెండూ మీటర్ ఎర్రర్‌కి మించి తేడా వస్తే ముందు పోర్టులే చూసుకోవాలి.

మొదటి కొలతప్పుడు 600 Ω లోడ్ అలాగే ఉండిపోయింది. 200 అనేది లోడ్‌తో కలిపిన ఇన్‌పుట్ రెసిస్టెన్స్, 100 అనేది పైన వచ్చిన V2/I1. లోడ్ ఊడదీసి 2 V ఇస్తే కరెంట్ 8.9 mA దగ్గరికి, V2 సుమారు 1.33 V కి రావాలి. అటు నుంచి కొలిచేటప్పుడు కూడా ఇన్‌పుట్ సోర్స్ వైరు ఊడదీయాలి. సప్లై స్విచ్ ఆపినంత మాత్రాన పోర్ట్ ఓపెన్ అయినట్టు కాదు, దాని అవుట్‌పుట్ టెర్మినల్స్ మధ్య ఏదో ఒక దారి ఉండొచ్చు.

ఫేజర్
ఇంకోటి. V1 ని సప్లై దగ్గర కాకుండా పోర్ట్ టెర్మినల్స్ మీదే కొలవండి. సిరీస్‌లో పెట్టిన ఆమ్మీటర్‌కి mA రేంజ్‌లో కొన్ని ఓమ్‌లు ఉండొచ్చు, సప్లై దగ్గర కొలిస్తే అవి Z11 కి కలుస్తాయి. Z21 మాత్రం మారదు, ఎందుకంటే అందులో ఉన్నది I1, V2 మాత్రమే.

మెష్‌లూప్
0.444 సంగతి తేలింది, థాంక్స్ అండీ. సోర్స్‌కి 75 Ω ఉంటే ఇదే ఫార్ములాలో Z11 బదులు Z11 + 75 పెడితే చాలా? అలా చేస్తే 0.364 వస్తోంది. ఒకసారైతే V2 = I2·RL అని రాశాను, గెయిన్ సరిగ్గా 1 వచ్చింది!

ఓపెన్‌పోర్ట్
చాలు. అయితే అది Vs నుంచి V2 కి గెయిన్, V1 నుంచి కాదు. సరిచూసుకోవడం తేలికే: ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 200, ముందు 75, కాబట్టి పోర్ట్‌కి చేరేది Vs లో 200/275. దాన్ని 0.5 తో గుణిస్తే 0.364.

ఇక ఆ 1. Z సమీకరణాల్లో I2 పోర్ట్‌లోకి వెళ్తుంది, లోడ్‌లో కరెంట్ మాత్రం పోర్ట్‌లోంచి బయటికొస్తుంది. మైనస్ పోతే హారంలో కూడిక తీసివేతగా మారుతుంది: 90000/(135000 − 45000) = 1. లోడ్ పెట్టాక గెయిన్, లోడ్ లేనప్పటి 0.667 ని దాటింది చూశారా? పోర్టుల మధ్య రెసిస్టర్లే ఉన్న నెట్‌వర్క్‌లో అది జరగదు. అలాంటి అంకె వస్తే ముందు ఆ మైనస్సే వెతకండి.

వోల్ట్‌బాబాయ్
సరే, రెసిస్టర్లకీ గెయిన్ ఉందనుకుందాం. మధ్యలో సిరీస్ రెసిస్టర్ ఒక్కటే ఉండి, అడ్డంగా ఏమీ లేకపోతే Z11 ఎంతండీ?

ఫేజర్
మంచి ప్రశ్న. అవుట్‌పుట్ ఓపెన్ చేస్తే కరెంట్‌కి దారే లేదు, Z11 అనంతం. దానికి Z పారామీటర్లే ఉండవు. అందుకే నేనైతే మొదటి నుంచీ ABCD వాడతాను. మన నెట్‌వర్క్‌కి A = 225/150 = 1.5, B = 45000/150 = 300 Ω. గెయిన్ 1/(A + B/RL) = 1/(1.5 + 0.5). ఇంకో సెక్షన్ తగిలిస్తే మ్యాట్రిక్స్‌లు గుణిస్తే సరి.

ఓపెన్‌పోర్ట్
కాస్కేడ్‌కి ABCD తేలిక, కాదనను. కానీ బెంచ్ మీద కొలవడానికి నేను Z నే వాడతాను. B కావాలంటే అవుట్‌పుట్ షార్ట్ చేసి కరెంట్ కొలవాలి, అప్పుడు షార్ట్ స్థానంలో ఆమ్మీటర్ ఓమ్‌లు కూర్చుంటాయి. ఓపెన్ అంటే వైరు ఊడదీయడమే.

ఫేజర్
Z కొలిచి B ని లెక్కలో తీసుకోవచ్చు, నేనూ అదే చేస్తాను. కానీ అడ్డంగా ఉన్న రెసిస్టర్లు సిరీస్ దానికన్నా వెయ్యి రెట్లు పెద్దవైతే Z11·Z22, Z12·Z21 దాదాపు సమానమవుతాయి, వాటి తేడా మీటర్ ఎర్రర్‌లో మునిగిపోతుంది. అక్కడ షార్ట్ చేసి కొలిచిందే నమ్ముతాను, ఆమ్మీటర్ ఓమ్‌లు ఉన్నా సరే.