సైడ్ అద్దంలో వెనక బండి దూరంగా ఎందుకు కనిపిస్తుంది?

కొత్త డ్రైవర్: కుంభాకార దర్పణంలో ప్రతిబింబం అద్దం వెనక దగ్గర్లోనే ఏర్పడుతుందని చదివాం కదా, మరి వెనక ఆటో అంత దూరంగా ఎందుకు కనిపిస్తుంది? నిన్న లేన్ మారబోయి కొద్దిలో తప్పించుకున్నా. అసలు ఇలాంటి అద్దం పెట్టొచ్చా?

రమణ: దగ్గరికొచ్చేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది, అది చాలు మనకి. కాకపోతే గరిటెలో చూసుకుంటే కొంత దూరంలో తలకిందులవుతాం కదా, మరీ దూరపు లారీ ఈ అద్దంలోనూ అలాగే అవ్వాలి.

మాస్టారు: రమణ గారూ, మీరు చూసింది గరిటె లోపలి వైపు. వెనక్కి తిప్పి ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టినా, చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నా నిటారుగా, చిన్నగానే ఉంటారు. ఆ ఉబ్బు అద్దాన్ని ఒక పెద్ద బంతిలో ముక్క అనుకోండి. ఆటో పైకప్పు నుంచి ఒక దారం, టైరు నుంచి ఒక దారం ఆ బంతి కేంద్రానికి లాగితే అవి పోనుపోను దగ్గరవుతాయి. ప్రతిబింబం ఆ రెండు దారాల మధ్య, కేంద్రం చేరకముందే ఏర్పడుతుంది. దారాలు ఇంకా కలవలేదు కాబట్టి పైది పైనే ఉంటుంది, ఎడం తగ్గింది కాబట్టి చిన్నదవుతుంది.

ఇక అసలు ప్రశ్న. అద్దం వక్రతా వ్యాసార్థం 1.2 మీటర్లు, 1.7 మీటర్ల ఎత్తు ఆటో 12 మీటర్ల వెనక ఉందనుకోండి. ప్రతిబింబం అద్దం వెనక 57 సెంటీమీటర్ల దగ్గరే, కానీ ఎత్తు 8 సెంటీమీటర్లే. కన్ను అద్దానికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చదునైన అద్దంలో 26 మీటర్ల వెనకున్న ఆటో ఎంత కనిపిస్తుందో ఇదీ అంతే కనిపిస్తుంది. ప్రతిబింబం ఎక్కడుందో మెదడు పట్టించుకోదు, తెలిసిన ఆటో ఇంత చిన్నగా ఉందంటే దూరంగా ఉందనే లెక్కేస్తుంది. ఎడమ అద్దం మీకు ఇంకా దూరం కాబట్టి అందులో మోసం ఇంకా ఎక్కువ.

బుల్లెట్ బాబాయ్: నా బండి అద్దం వణికిపోతుంది, ఏ బండైనా మసకే. ఉబ్బు వల్లేనా?

మాస్టారు: కాదు బాబాయ్, స్టెమ్ నట్ బిగించి చూడండి.

డల్లాస్ తెలుగు: ఇక్కడ మా కార్లకి డ్రైవర్ వైపు చదును అద్దమే, ఉబ్బుది అవతలి వైపు, దాని మీద వస్తువులు కనిపించేదానికన్నా దగ్గరున్నాయని రాసి ఉంటుంది. దూరం సరిగ్గా తెలుస్తుంది. ఇండియాలోనూ అలాగే ఉండాలి.

మాస్టారు: ఒప్పుకోనండీ. చదును అద్దంలో పక్క లేన్ సగం కనపడదు, మన రోడ్ల మీద బైకు సరిగ్గా ఆ సగంలోంచే దూరుతుంది. ముందు అది ఉందని తెలియాలి, దూరం లోపలి అద్దంలో చూసుకోవచ్చు, అది చదునుదే.

డల్లాస్ తెలుగు: వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే లోపలి అద్దంలో ఏం కనిపిస్తుందండీ?

కొత్త డ్రైవర్: నిన్న మా కార్లో సరిగ్గా అదే పరిస్థితి, వెనక అమ్మావాళ్లు, పైన సామాను.