బిఫోర్, ఆఫ్టర్ ఫొటోలు, క్లయింట్ అనుమతి: మీరెలా చేస్తున్నారు?

నేను హెయిర్ కలరింగ్ చేస్తాను. మొన్న ఒక క్లయింట్ బిఫోర్ ఫొటో పసుపు బల్బు కింద, ఆఫ్టర్ ఫొటో కిటికీ పక్కన తీశాను. జుట్టులోని రాగి ఛాయ నిజంగానే పోయింది, కానీ రెండూ పక్కపక్కన పెడితే అంతా లైటు మాయలా ఉంది. ఇప్పుడు నేల మీద టేపు అంటించి, అక్కడే నిలబెట్టి, ఫోన్‌ను స్టాండుకు బిగించి తీస్తున్నాను. అయినా జుట్టు రంగు మారగానే ఫోన్ వైట్ బ్యాలెన్స్ తనంతట తానే మార్చేస్తోంది. వెనక తెల్లగోడ ఒక దాంట్లో నీలంగా, ఇంకోదాంట్లో పసుపుగా పడుతోంది. కెల్విన్ విలువ మాన్యువల్‌గా పెడితే చాలా, గ్రే కార్డు కూడా కావాలా?

అసలు టెన్షన్ అనుమతి గురించి. ఆ క్లయింట్ "పెట్టుకోండి" అన్నారని ఫొటోను ముఖంతో సహా నా పేజీలో పెట్టేశాను. ఆవిడ అనుకున్నది వెనక నుంచి జుట్టు మాత్రమేనట! వెంటనే తీసేశాను గానీ, అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ పంపుకున్నారు. అందుకే ఫారంలో రికార్డు కోసం తీయడానికి, పేజీలో పెట్టడానికి, ప్రకటనలో వాడటానికి వేర్వేరు టిక్కులు, ముఖానికి మరో టిక్కు పెడదామనుకుంటున్నాను. సంతకం ముందే తీసుకోవాలా, ఫొటో చూపించాకా? తర్వాత వద్దంటే ఎన్ని రోజుల్లో తీసేస్తామని రాస్తున్నారు?