ఒకేసారి ఎన్ని లక్ష్యాలు? దేన్ని, ఎప్పుడు వదిలేయాలి?

కుందలహళ్లి కుర్రాడు: బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం. ఫిబ్రవరిలో గేట్ (కంప్యూటర్ సైన్స్) రాయాలి, జర్మన్ భాషలో బీ1 స్థాయి పూర్తి చేయాలి, 10కె పరుగుకి తయారవుతున్నాను, స్టాక్ మార్కెట్ కోర్సుకి ఫీజు కట్టేశాను. నాలుగూ నత్తనడకే. ఇప్పుడు జులై. ఎన్ని ఉంచుకోవాలి, దేన్ని ఎప్పుడు వదలాలి?

ఒకే గురి: గేట్ ఒక్కటే ఉంచు, మిగతావన్నీ పక్కన పెట్టు బ్రో. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో తెలిసిందే కదా, నువ్వు నాలుగింటి మీద పెట్టావు. ఒకటి కంటే ఎక్కువ లక్ష్యాలు పెట్టుకున్నవాళ్లు ఏదీ సాధించలేరని పరిశోధనే ఉంది.

పీణ్య ప్లానర్: ఆ పరిశోధన అలా చెప్పలేదండీ. మీరు అంటున్నది బహుశా డాల్టన్, స్పిల్లర్ 2012లో రాసినది. ఏ పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో వివరంగా ప్లాన్ రాసుకుంటే ఒక్క లక్ష్యం విషయంలో బాగా పనిచేసింది, ఒకేసారి చాలా లక్ష్యాలకు అలా రాసుకున్నప్పుడు మాత్రం ఆ లాభం కనబడలేదు. అన్నీ కాగితం మీద పెట్టేసరికి ఎంత కష్టమో కళ్లకు కట్టి, పట్టుదల సడలిపోతుందని వాళ్ల వాదన. అంటే టైమ్‌టేబుల్ రాసే ముందే లక్ష్యాలు తగ్గించుకోవాలని అర్థం, రెండోది పెట్టుకోవడమే తప్పని కాదు.

తమ్ముడూ, ఎన్ని అనే ప్రశ్న తర్వాత. ముందు ఇది చెప్పు: ఆఫీసు, ప్రయాణం, వంట, బట్టలు అన్నీ పోగా బుర్ర పనిచేసే గంటలు వారానికి ఎన్ని దొరుకుతున్నాయి? గేట్‌కీ జర్మన్‌కీ ఇంకా ఎన్ని గంటల చదువు మిగిలిందనుకుంటున్నావు?

కుందలహళ్లి కుర్రాడు: సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రాత్రి గంట, శని ఆదివారాల్లో మూడున్నర చొప్పున. మొత్తం 12 అన్నా. గేట్‌కి ఇంకా 300 గంటలు, జర్మన్‌కి 180 పడుతుందేమో.

పీణ్య ప్లానర్: సరే, లెక్క వేద్దాం. మొత్తం 480 గంటలు, వారానికి 12, అంటే 40 వారాలు. మాక్ టెస్టులు కలపకపోతే, నువ్వు ఎలా పంచుకున్నా రెండూ ముగిసేది 40వ వారంలోనే. పరీక్షకి ఉన్నవి సుమారు 30 వారాలు. ఇప్పుడు చెరి ఆరు గంటలు పంచావనుకో, 30వ వారానికి జర్మన్ అయిపోతుంది, గేట్‌లో మాత్రం ఇంకా 120 గంటలు మిగిలే ఉంటాయి, పరీక్ష వెళ్లిపోతుంది. మొత్తం 12 గంటలూ గేట్‌కే ఇస్తే 25వ వారానికి చదువు పూర్తయి మాక్ టెస్టులకు ఐదు వారాలు మిగులుతాయి, పరీక్ష అయ్యాక జర్మన్ మొదలుపెడితే 45వ వారానికి అదీ అవుతుంది. జర్మన్ పదిహేను వారాలు ఆలస్యం, అంతే నష్టం. మా ఫ్యాక్టరీ షాప్ ఫ్లోర్‌లోనూ ఇదే గొడవ. కస్టమర్లందరి ఆర్డర్లూ ఒకేసారి మెషిన్ ఎక్కిస్తే అందరికీ పని మొదలైందని చెప్పుకోవచ్చు గానీ ఎవరి డెలివరీ తేదీకీ అందదు, పైగా సెటప్ మార్చిన ప్రతిసారీ కొంత టైమ్ గాలికి పోతుంది.

జయనగర్ అత్తయ్య: మా అబ్బాయికి కూడా ఇదే చెప్పాలి, తొమ్మిదో తరగతి, ఒలింపియాడ్, మృదంగం, క్రికెట్ కోచింగ్, ఆదివారం కూడా ఖాళీ ఉండదు పాపం. మృదంగం మాన్పించమంటారా?

పీణ్య ప్లానర్: అత్తయ్యగారూ, ఆ లక్ష్యాలు పెట్టుకున్నది ఎవరు, వాడా మీరా? అది వేరే చర్చ అండీ, విడిగా అడగండి.

పర్పుల్ లైన్ ప్రయాణికురాలు: భాష విషయంలో ఈ లెక్క కుదరదు ప్లానర్ గారూ. నేను బీ2 దాకా చదివాను. 30 వారాలు పూర్తిగా మూసేస్తే నామవాచకాల ముందు పెట్టే డెర్ డీ దాస్‌లు కూడా మర్చిపోతాడు, అప్పుడు ఆ 180 గంటలు 250 అవుతాయి. భాష రోజూ కొంచెం కొంచెం తగలాలి, ఆదివారం ఒక్కసారే మింగితే అరగదు. తమ్ముడూ, నువ్వు మెట్రోలో వెళ్తావా?

కుందలహళ్లి కుర్రాడు: అవునక్కా, ఎంజీ రోడ్ దాకా. నిలబడే వెళ్తాను ఎక్కువగా.

పర్పుల్ లైన్ ప్రయాణికురాలు: అయితే ఆ టైమ్‌లో విను, పాత పాఠాల ఆడియోనే. కొత్తవి వద్దు, వచ్చింది పోకుండా ఉంటే చాలు. ఇంకో మాట, గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బీ1 పరీక్ష నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో 60 శాతం రావాలి, విడివిడిగా రాయొచ్చు. కాబట్టి ఫిబ్రవరి తర్వాత చదవడం, వినడం ముందు కొట్టేసి, రాయడం, మాట్లాడటం తర్వాత పెట్టుకోవచ్చు.

పీణ్య ప్లానర్: ఇది ఒప్పుకుంటాను. నిలబడి ఫోన్ పట్టుకుని ఆల్గారిథమ్స్ చేయలేడు కాబట్టి ఆ అరగంట గేట్ నుంచి తీసుకున్నది కాదు. పరుగు కూడా అంతే, ఆ 12 గంటల్లోంచి ఏమీ తీయదు. అందుకే లక్ష్యాలు ఎన్ని అని కాకుండా, ఒకే గంట కోసం ఎన్ని కొట్టుకుంటున్నాయి అని చూస్తాను. వాటిలో పెరిగేది ఒకటే ఉండాలి, మిగతావి పడిపోకుండా ఉంటే చాలు.

కబ్బన్ పార్క్ పరుగు: పరుగు తగ్గిస్తే ఫిట్‌నెస్ పోతుందని భయపడకు. 1981లో హిక్సన్ వాళ్లు వారానికి ఆరు రోజులు కఠిన శిక్షణ చేసినవాళ్లను నాలుగు, రెండు రోజులకు తగ్గించి చూస్తే, 15 వారాల తర్వాత కూడా ఆక్సిజన్ తీసుకునే సామర్థ్యం దాదాపు నిలిచింది. కానీ ఆ రెండు రోజులూ వేగం, సేపు తగ్గించకూడదు. రెండు రోజులు ఊరికే నడిచొస్తే ఈ లెక్క వర్తించదు.

ఒకే గురి: చివరికి నేనన్నదే కదా, గేట్ ఒక్కటే! సరే, స్టాక్ కోర్సు? ఫీజు కట్టాడు, పూర్తి చేయాల్సిందే. డబ్బులు ఊరికే వస్తాయా?

పీణ్య ప్లానర్: రీఫండ్ లేదు కదా. చూసినా చూడకపోయినా ఆ డబ్బు పోయినట్టే, కోర్సు చూస్తే దానితోపాటు ఇంకో 40 గంటలో ఎంతో కూడా పోతాయి. ఈ రోజు ఆ కోర్సు ఉచితంగా ఇస్తే చేరతావా తమ్ముడూ?

కుందలహళ్లి కుర్రాడు: చేరను. ఆఫీసులో అందరూ చేరారని చేరాను.

పీణ్య ప్లానర్: అయితే అది ఈ రోజే పోయింది. ఇక గేట్‌ని ఎప్పుడు వదలాలి అన్నది అసలు చిక్కు. దానికి రోజూ ఎన్ని గంటలు కూర్చున్నావో రాసుకో, ఫోన్‌లో రాసుకున్నా చాలు. నాలుగు వారాలు వరసగా 12కి బదులు ఐదారే పడుతుంటే గేట్ నీకు రాదని కాదు, అసలు నువ్వు ప్రయత్నించనే లేదని. అప్పుడు టైమ్ ఎక్కడ పోతుందో చూడాలి, లేదా నిజంగా కావాలా అని నిన్ను నువ్వు అడగాలి. గంటలు పడుతున్నా మార్కులు కదలకపోతే అది వేరే జబ్బు: ముందు పద్ధతి మార్చు, వీడియోలు ఆపి పాత పేపర్లు చేయి. ఒక్క మాక్ చూసి తేల్చకు, ఐదారు మార్కులు ఊరికే అటూ ఇటూ ఊగుతాయి. నవంబర్ చివర మూడు పూర్తి మాక్‌ల సగటు తీసుకో. ఏ మార్కు దాటకపోతే ఆపేస్తావో ఇప్పుడే రాసి పెట్టు, ఎందుకంటే నవంబర్‌లో అడిగితే నీ మనసు బేరమాడుతుంది.

పర్పుల్ లైన్ ప్రయాణికురాలు: ఆ మార్కు ఎలా పెడతాడు మరి? జనరల్‌లో క్వాలిఫై కావడానికి ఈమధ్య 100కి 30 అటూ ఇటూ సరిపోతోంది, ఐఐఎస్‌సీ సీటు కావాలంటే అది చాలా దూరం. పైగా స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఈసారి తక్కువొచ్చినా వచ్చేసారి రాయొచ్చు. నవంబర్‌లో మాక్‌లు బాగాలేవని వదిలేస్తే, డిసెంబర్, జనవరిల్లో పుంజుకునేవాళ్ల సంగతేంటి? నేను ఒప్పుకోను.

పీణ్య ప్లానర్: పుంజుకునేవాళ్లు ఉంటారు, కాదనను. వచ్చేసారి అన్న మాట మాత్రం ప్రమాదం, దాంతో ఏదీ ఎప్పటికీ వదలక్కర్లేకుండా పోతుంది.

పర్పుల్ లైన్ ప్రయాణికురాలు: రెండుసార్లు అని ముందే రాసుకుంటే?

కుందలహళ్లి కుర్రాడు: కోర్సు యాప్ తీసేశాను. మాక్‌ల సగటు 45 అని రాసుకున్నాను, తక్కువో ఎక్కువో తెలీదు. ఇంట్లో నాన్నకి మాత్రం జర్మన్ ఆగిందని ఇంకా చెప్పలేదు, ఆ ఫీజు కట్టింది ఆయన.