మరాఠీ పేపర్లో 'కేలా', 'కేలీ': క్రియ ఎవరి వెంట నడుస్తుంది?

పుణె నుంచి: ఇక్కడికొచ్చి ఏడాదయింది. మరాఠీ పట్టుబడాలని రోజూ పొద్దున్నే పేపర్లో క్రైమ్ వార్తలు పైకి చదువుతున్నాను. నిన్న ఒకే వార్తలో ఇవి కనబడ్డాయి:

పోలిసాంనీ గున్హా దాఖల్ కేలా.
పోలిసాంనీ దోఘాంనా అటక్ కేలీ.
పోలిసాంనీ చార్ వాహనే జప్త్ కేలీ.
పోలిసాంనీ ఆరోపీలా తాబ్యాత్ ఘేతలే.

కేసు పెట్టారు, ఇద్దర్ని అరెస్టు చేశారు, నాలుగు బండ్లు జప్తు చేశారు, నిందితుణ్ని అదుపులోకి తీసుకున్నారు. తెలుగులో అన్నిటికీ 'రు' చాలు. అక్కడ చేసిందంతా పోలీసులే కదా, చివర 'లా', 'లీ', 'లే' ఎందుకు మారుతున్నాయి? అరెస్టయింది ఇద్దరైతే 'కేలీ' ఏమిటి?

హైదరాబాద్ నుంచి: హిందీ 'నే' లాంటిదేనండీ. కర్తకి 'నే' తగిలితే క్రియ కర్మతో పోతుంది, లేకపోతే కర్తతో. మా హైదరాబాదీ హిందీలో 'నే' పెట్టం, 'మై రోటీ ఖాయా' అనేస్తాం. ఢిల్లీలో ఉద్యోగానికి చేరిన కొత్తలో 'మైనే రోటీ ఖాయీ' అనాలని నన్ను రోజూ దిద్దేవాళ్లు.

షోలాపూర్ నుంచి: సగం సరే తమ్ముడూ. 'నే' గుర్తు పెట్టుకుంటే మరాఠీలో దెబ్బతింటావు. 'మీ పోళీ ఖాల్లీ' అంటే నేను చపాతీ తిన్నాను. ఎక్కడా 'నే' లేదు. మగవాడు చెప్పినా ఆడమనిషి చెప్పినా 'ఖాల్లీ'యే, పోళీ స్త్రీలింగం కాబట్టి. మామిడిపండయితే 'మీ ఆంబా ఖాల్లా'. మరోవైపు నేర్చుకోవడం, మరిచిపోవడం అనే అర్థాల శికణే, విసరణే లాంటివి కర్మ ఉన్నా కర్త వెంటే పోతాయి: అతను మరాఠీ నేర్చుకుంటే 'తో మరాఠీ శికలా', ఆమె నేర్చుకుంటే 'తీ మరాఠీ శికలీ'. అవి విడిగా నేర్చుకోవలసిందే.

ఇక పుణె అమ్మాయి వాక్యాలు. గున్హా పుంలింగం, అందుకే కేలా. రెండోదాంట్లో నువ్వు 'దోఘాంనా'ని కర్మ అనుకున్నావమ్మా. క్రియ చూసేది 'అటక్'ని, అంటే అరెస్టు అన్న మాటని. అది స్త్రీలింగ ఏకవచనం. ఒక్కణ్ని పట్టుకున్నా వందమందిని పట్టుకున్నా 'అటక్ కేలీ'యే.

మూడోదాంట్లో 'కేలీ' వేరు. వాహన్ నపుంసకం, దాని బహువచనం వాహనే, దానికి వచ్చేదీ 'లీ'యే. ఒక్క వాహనమైతే 'కేలే'. ఈ 'లే' మళ్లీ పుంలింగ బహువచనానికీ వస్తుంది. కాబట్టి క్రియను చూసి లింగం ఊహించకు, నామవాచకం ఏకవచనంలో ఏమిటో ముందు కనుక్కో. అవే నాలుగు బండ్లను మూడు రకాలుగా చెప్పి చూడు:

చార్ ట్రక్ జప్త్ కేలే.
చార్ గాడ్యా జప్త్ కేల్యా.
చార్ వాహనే జప్త్ కేలీ.

'ల్యా' ఒక్కటే నమ్మకమైనది, స్త్రీలింగ బహువచనానికి తప్ప ఇంకెక్కడా రాదు.

నాలుగోదాంట్లో ఆరోపీకి మన 'ని' లాంటి 'లా' తగిలింది. అది తగిలాక క్రియకి ఆ మాట కనబడదు, ఎవరితోనూ పొత్తు లేకుండా నపుంసక ఏకవచనంలో నిలబడిపోతుంది. మహిళనైనా 'మహిలేలా తాబ్యాత్ ఘేతలే', పదిమందినైనా 'ఆరోపీంనా తాబ్యాత్ ఘేతలే'.

విజయవాడ నుంచి: అయితే ఇది కర్మణి ప్రయోగమే. 'రామేణ ఫలం ఖాదితమ్' కదా. తెలుగులో 'పోలీసుల చేత కేసు పెట్టబడింది' అని చదువుకుంటే సరి.

షోలాపూర్ నుంచి: పుట్టింది అక్కడే. మరాఠీ బడి వ్యాకరణంలో మొదటి మూడింటినీ కర్మణి అనీ, ఆరోపీలా వాక్యాన్ని భావే అనీ అంటారు. కానీ 'బడింది' అని చదవొద్దండీ. ఇంట్లో పిల్లలు కూడా మాట్లాడే మామూలు మాట ఇది. నిజంగా 'బడింది' అనదగ్గది వేరే ఉంది: 'దోఘాంనా అటక్ కరణ్యాత్ ఆలీ'. ఎవరు పట్టుకున్నారో చెప్పనక్కర్లేనప్పుడు పేపర్లవాళ్లు అలా రాస్తారు. అక్కడా 'ఆలీ' అటక్ వెంటే.

ఆదిలాబాద్ నుంచి: మనకీ ఉంది కదా! 'నాకు జ్వరం వచ్చింది', 'నాకు ఇద్దరు కొడుకులు పుట్టారు'. క్రియ 'నాకు'తో కలవదు. మా పక్కింటి మరాఠీవాళ్లు 'మలా తాప్ ఆలా' అంటారు, అచ్చం మనలాగే.

షోలాపూర్ నుంచి: అక్కడ వచ్చింది జ్వరమే, పుట్టింది కొడుకులే, కాబట్టి క్రియ కర్తతోనే ఉంది. 'నేను అన్నం తిన్నది' అని మనం అనం, మరాఠీ చేసే పని అది. అయినా 'తాప్ ఆలా'తో మొదలెట్టినవాళ్లకి చెవి త్వరగా అలవాటవుతుంది, అది మాత్రం నిజం.

పుణె నుంచి: మాస్టారూ, ఇంకొక్కటి. ఒక బైకు, రెండు ఫోన్లు కలిపి జప్తు చేస్తే? దుచాకీ స్త్రీలింగం, మోబాయిల్ పుంలింగం.

షోలాపూర్ నుంచి: నా చెవికి చివరి మాట గెలుస్తుంది: 'ఏక్ దుచాకీ ఆణి దోన్ మోబాయిల్ జప్త్ కేలే', తిరగేస్తే 'కేలీ'. మా ఇంట్లో అందరూ ఒప్పుకోరు. మా కోడలు మరాఠీ మీడియంలో చదివింది, ఎలా తిప్పినా 'కేలే'నే అంటుంది. పేపరువాళ్లు ఈ గొడవలోకే దిగరు. సామానంతా వరసగా రాసి, చివర 'అసా ముద్దేమాల్ జప్త్ కేలా', అంటే ఇలా ఈ సొత్తు జప్తు చేశారు, అనేస్తారు. ముద్దేమాల్ పుంలింగం, క్రియ దాంతో కుదురుకుంటుంది.

పుణె నుంచి: ఇవాళ్టి పేపర్లో రెండు వార్తల్లో ఉంది మాస్టారూ, 'అసా ముద్దేమాల్'. ఇన్నాళ్లూ అదేదో పోలీసుల పదమనుకుని దాటేసి చదువుతున్నాను.