విమానాల ఓవర్‌బుకింగ్ పద్ధతి ఫిజియోథెరపీ క్లినిక్‌కు పనికివస్తుందా?

క్లినిక్ నిర్వాహకురాలు (ప్రశ్న)

మా క్లినిక్‌లో ఒకే ఫిజియోథెరపిస్టు ఉన్నారు. రోజుకు 20 అపాయింట్‌మెంట్లు, ఒక్కొక్కటి 20 నిమిషాలు. పుస్తకంలో రోజంతా నిండినట్టే కనిపిస్తుంది, కానీ 20 మందిలో సగటున నలుగురు రారు. ఫోను చేసి గుర్తుచేసినా పెద్దగా మార్పు లేదు. విమాన సంస్థలు కొందరు రారని ముందే లెక్కవేసుకుని, ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్ముతాయి కదా. మేమూ అలాగే 24 మందికి టైము ఇస్తే ఎలా ఉంటుంది? వేరే రంగంలో ఈ పద్ధతిని అమలు చేసినవారు ఉంటే చెప్పండి.

లెక్కల మాస్టారు

24 కాదండీ, 25 ఇవ్వండి. ఐదుగురిలో ఒకరు రారంటే 25 మందిలో 20 మంది వస్తారు, సరిగ్గా సరిపోతుంది. ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు.

హోటల్ ఉద్యోగి

మా హోటల్లో ఇదే పద్ధతి ఉంది. గదుల కంటే ఎక్కువ బుకింగులు తీసుకుంటాం. ఒకరిద్దరు మిగిలిపోతే దగ్గరలోని మరో హోటల్లో గది ఇప్పించి, ఆ రాత్రి ఖర్చు మేమే పెట్టుకుంటాం. అర్ధరాత్రి అలసిపోయి వచ్చిన అతిథికి ఈ మాట చెప్పేది రిసెప్షన్‌లో నిలబడేవాళ్లం. లెక్క వేసిన మేనేజరుకు ఆ ముఖం చూడవలసిన పని ఉండదు. మీ దగ్గర ఎక్కువైన రోగిని ఎక్కడికి పంపుతారు?

పాత విమాన ఉద్యోగి

హోటల్ మిత్రుడు అడిగిన చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. నేను ఒక విమాన సంస్థలో సీట్ల కేటాయింపు విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను, తరువాత ఒక ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ల పని చూశాను. మొదటి ఏడాది నేనూ మీలాగే ఓవర్‌బుకింగ్‌ను ఎత్తుకొచ్చి ఆసుపత్రిలో పెట్టి దెబ్బతిన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు మాస్టారి లెక్క. సగటున 20 మంది వస్తారన్నది నిజమే, కానీ ఏ రోజూ సగటు రోజు కాదు. 24 మందిని పిలిచారనుకోండి. ఒక్కొక్కరు వచ్చే అవకాశం 80 శాతం అయితే, 20 మంది కంటే ఎక్కువ వచ్చే రోజులు దాదాపు 26 శాతం, అంటే నాలుగు రోజులకు ఒకటి. 23 మందిని పిలిస్తే అది 13 శాతానికి దగ్గరగా, 22 మందిని పిలిస్తే 5 శాతానికి లోపు దిగుతుంది. ఒకరి రాకకూ మరొకరి రాకకూ సంబంధం లేదనుకుంటేనే ఈ లెక్క. ఒకే ఇంటి నుంచి ముగ్గురు వస్తుంటే ముగ్గురూ కలిసే వస్తారు, కలిసే మానేస్తారు. పెద్ద వాన కురిసిన రోజు సగం మంది రారు. కాబట్టి మీ దగ్గర ఎగుడుదిగుళ్లు ఇంతకంటే ఎక్కువగానే ఉంటాయి.

ఇక విమానంలో ఈ పద్ధతి ఎందుకు నడుస్తుందో చూడండి. అక్కడ అందరూ ఒకేసారి ఎక్కుతారు, తలుపు ఒక్కసారే మూస్తారు. సీట్లు చాలకపోతే కొందరిని దించి, పరిహారం ఇచ్చి, తరువాతి విమానం ఎక్కిస్తారు. ఎవరిని దించాలన్నది కూడా ఒకప్పుడు పెద్ద తగాదాయే. ఎంత పరిహారం ఇస్తే దిగుతారో ప్రయాణికులనే వేలంలా అడిగి, తక్కువ అడిగినవారిని దించాలని జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త 1968లో ప్రతిపాదించారు. అప్పట్లో చాలామంది నవ్వారు. పదేళ్ల తరువాత అమెరికాలో ఇష్టపడినవారినే ముందు అడగాలన్న నియమం వచ్చింది. ఆ ఏర్పాటు వెనుక ఉంది కాబట్టే ఓవర్‌బుకింగ్ నిలబడింది.

మీ క్లినిక్‌లో ఆ తలుపు లేదు. నడుము నొప్పితో వచ్చి కూర్చున్నవారిని వెనక్కి పంపరు, కూర్చోబెడతారు. విమానంలో ఒకరు దిగిపోతే నష్టం అక్కడితో తీరుతుంది. క్లినిక్‌లో ఆ నష్టం ఒకరి నుంచి మరొకరికి పాకుతుంది. పది గంటలకు ఇద్దరికి ఒకే టైము ఇచ్చారనుకోండి. ఇద్దరూ వచ్చే అవకాశం 64 శాతం. అప్పుడు రెండో మనిషి 20 నిమిషాలు ఆగుతారు, వారి వెనుక 10.20కి రావలసినవారూ 20 నిమిషాలు ఆగుతారు. ఎవరో ఒకరు రాకుండా ఉండేదాకా ఈ ఆలస్యం తరగదు. ఐదుగురిలో ఒకరు రాని చోట సగటున మరో నలుగురి మీదుగా అది సాగుతుంది. ఒక్క జంట బుకింగు వల్ల ఐదుగురు తలా 20 నిమిషాలు కూర్చుంటారు. అదే జంటను రోజు చివర పెడితే రోగుల నిరీక్షణ తగ్గి, ఆ ఆలస్యం ఫిజియోథెరపిస్టు ఇంటికి వెళ్లే సమయం మీద పడుతుంది. ఇద్దరిలో ఎవరి సమయం ఖరీదైనదో తేల్చుకోకుండా 22 అనీ 24 అనీ అంకె చెప్పడం కుదరదు.

సంగీతం టీచరు

అంటే చివరి నిమిషంలో అడిగినవారి దగ్గర ఎక్కువ డబ్బు తీసుకోమంటున్నారా? విమాన టికెట్ల ధరలు అలాగే పెరుగుతాయి కదా. నొప్పితో వచ్చినవారి దగ్గర అలా తీసుకోవడం నాకు నచ్చలేదు. నేనైతే నెల ఫీజు ముందే తీసుకుంటాను, పిల్లలు రాకపోయినా తిరిగి ఇవ్వను. దాంతో అందరూ వస్తున్నారు.

క్లినిక్ నిర్వాహకురాలు

ధర పెంచే ఆలోచన లేదండీ. ముందుగా డబ్బు తీసుకోవడం గురించి ఆలోచించాం. కానీ నొప్పి ఎక్కువై కదలలేక రానివారు కూడా ఉంటారు, వారి డబ్బు ఉంచేసుకోవడానికి మనసొప్పడం లేదు.

పాత విమాన ఉద్యోగి గారూ, మీ జవాబు చదివాక గత 40 పని దినాల పుస్తకం తిరగేశాను. ఒక సంగతి ఆశ్చర్యంగా ఉంది. ఆ రోజో ముందు రోజో టైము తీసుకున్నవారిలో వందకు ఆరుగురే రాలేదు. రెండు వారాలకు మించి ముందుగా తీసుకున్నవారిలో వందకు 34 మంది రాలేదు.

పాత విమాన ఉద్యోగి

ఇది దొరికిందంటే మీరు తెచ్చుకోవలసిన పద్ధతి ఓవర్‌బుకింగ్ కాదు. విమానాల నుంచే వచ్చిన మరొకటి ఉంది.

విమాన సంస్థకు ఇంకో చిక్కు ఉంటుంది. చవక టికెట్ కొనేవారు నెలల ముందే వస్తారు, ఎక్కువ ధర పెట్టేవారు చివరి రోజుల్లో వస్తారు. ముందొచ్చినవారికే అన్నీ అమ్మేస్తే వెనుక వచ్చేవారికి సీటు ఉండదు. మరి వారి కోసం ఎన్ని సీట్లు ఆపాలి? బ్రిటన్‌కు చెందిన బీఓఏసీ సంస్థలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ 1972లో దీనికొక సూత్రం చెప్పారు. ఒక సీటును ఆపితే అది ఎక్కువ ధరకు అమ్ముడయ్యే అవకాశాన్ని ఆ ధరతో గుణించండి. వచ్చినది చవక టికెట్ ధర కంటే ఎక్కువైతే ఆపండి, తక్కువైతే అమ్మేయండి.

టీచరు గారి అనుమానం సహజమే. అందుకే సూత్రంలోంచి ధరను తీసేద్దాం. మీకు కావలసింది టైము వృథా కాకపోవడం. కాబట్టి ధర ఉన్న చోట మనిషి వచ్చే అవకాశాన్ని పెట్టండి. చాలా ముందుగా ఇచ్చిన టైముకు వందలో 66 మంది వస్తారు, ఆ రోజు ఇచ్చినదానికి 94 మంది వస్తారు. 66ను 94తో భాగిస్తే సుమారు 0.70. ఆపిన టైమును అదే రోజు అడిగేవారు దొరికే అవకాశం 70 శాతం దాటితేనే ఆపాలి.

ఇప్పుడు మీ పుస్తకంలో మరొకటి చూడండి. ఆ 40 రోజుల్లో అదే రోజు ఫోను చేసి అడిగినవారు కనీసం ముగ్గురున్న రోజులెన్ని, నలుగురున్నవి ఎన్ని, ఐదుగురున్నవి ఎన్ని? టైము ఇవ్వలేక పంపేసినవారినీ లెక్కపెట్టాలి. వారిని వదిలేస్తే గిరాకీ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. విమాన సంస్థల్లోనూ ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

క్లినిక్ నిర్వాహకురాలు

పంపేసినవారి పేర్లు పుస్తకంలో లేవు. ఫోనులోని కాల్ జాబితా చూసి, రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిని అడిగి రాసుకున్నాను. కనీసం ముగ్గురు అడిగిన రోజులు 36, నలుగురు 31, ఐదుగురు 26.

లెక్కల మాస్టారు

40లో 70 శాతం అంటే 28 రోజులు. 31 దాన్ని దాటింది, 26 దాటలేదు. అంటే నాలుగు టైములు ఆపాలి. సగటు పట్టుకుని 25 అనేశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక అనుమానం. ముందుగా తీసుకునేవారికి రోజుకు 16 టైములే మిగిలితే వారి వరుస ఇంకా వెనక్కి జరుగుతుంది. ఎంత వెనక్కి జరిగితే అంత ఎక్కువ మంది రారు కదా?

పాత విమాన ఉద్యోగి

సరిగ్గా పట్టుకున్నారు మాస్టారూ. నేను మళ్లీ దెబ్బతిన్నది అక్కడే. విమానం ఎగిరిపోతే ఆ లెక్క ముగుస్తుంది, టికెట్ దొరకనివారు మరో సంస్థకు పోతారు. క్లినిక్ వరుస రేపటికి, ఎల్లుండికి మిగులుతుంది. కాబట్టి మొదలుపెట్టే ముందు పేరుకున్న వరుసను కరిగించాలి, రెండు మూడు వారాలు రోజుకో గంట అదనంగా పనిచేసైనా సరే. తరువాత ప్రతి సోమవారం ఒకటే చూడండి: కొత్తగా అడిగినవారికి మూడో ఖాళీ టైము ఎన్ని రోజుల దూరంలో ఉంది? మొదటి ఖాళీ ఎవరో రద్దు చేసుకోవడం వల్ల వచ్చినది కావచ్చు, అందుకే మూడోది. అది వారం వారం పెరుగుతుంటే మీ అసలు సమస్య రానివారు కాదు, ఒక ఫిజియోథెరపిస్టు చాలడం లేదని అర్థం. అప్పుడు విమానాల సూత్రం ఏదీ ఆదుకోదు.

ఒక విషయం అడగాలి. రెండు వారాల ముందే టైము తీసుకునేవారు ఎవరు? కొత్తవారా?

క్లినిక్ నిర్వాహకురాలు

కాదండీ. ఎక్కువమంది పది సిట్టింగుల వరుసలో ఉన్నవారే. మొదటి రోజే పదింటికీ టైములు రాసి ఇస్తాం. ఐదో ఆరో అయ్యాక నొప్పి తగ్గి మానేస్తారు.

పాత విమాన ఉద్యోగి

అయితే నాలుగు టైములు ఆపడం కంటే ముందు ఇది మార్చండి. పదీ ఒకేసారి రాయకుండా, ఎప్పుడూ రాబోయే రెండు సిట్టింగులే రాయండి. మానేయదలచినవారు ఆ మాట మీకు చెప్పే సందర్భం అప్పుడే వస్తుంది. రెండు నెలలయ్యాక మళ్లీ లెక్కపెట్టండి, 66, 94 రెండూ మారిపోయి ఉంటాయి, నాలుగు అన్న అంకె కూడా మారవచ్చు.

మరో ఫిజియోథెరపిస్టు

చదువుతూ వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను. నొప్పి తగ్గగానే మానేసేవారికే కండరాల బలం పెంచే వ్యాయామాలు మిగిలి ఉంటాయి. పదింటికీ టైము చేతిలో ఉందన్న భావనతోనే కొందరు చివరిదాకా వస్తారు. రెండేసి చొప్పున ఇస్తే మీ ఖాళీలు తగ్గుతాయేమో గానీ, వైద్యం మధ్యలో ఆపేసేవారు పెరుగుతారని నా భయం. విమానంలో ఎక్కిన ప్రయాణికుడు గమ్యం చేరాడా లేదా అని ఎవరూ విడిగా లెక్కపెట్టనక్కరలేదు. మన దగ్గర అది లెక్కపెట్టాలి.

క్లినిక్ నిర్వాహకురాలు

ఈ మాట నాకు తట్టలేదు. మా ఫిజియోథెరపిస్టు కూడా దాదాపు ఇదే అన్నారు. ముందుగా శస్త్రచికిత్స తరువాత వచ్చేవారికి పదీ అలాగే ఉంచి, మిగతావారికి మాత్రం రెండేసి ఇచ్చి చూస్తాను. రాని టైములతో పాటు, పది సిట్టింగులూ పూర్తి చేసినవారెందరో కూడా పుస్తకంలో రాస్తాం. రెండు నెలలయ్యాక అంకెలు ఇక్కడే పెడతాను.